బ్యాంకు జమలన్నీ ఆదాయం కావు
పన్ను ఉత్తర్వుపై అభ్యంతరం రాసేదెలా?

గుంటూరు: బ్యాంకులో జమ చేసిన నగదుకు మూలం చూపలేదంటూ ఆదాయపన్ను అధికారి ఆ మొత్తాన్ని ‘వివరణ లేని ఆదాయం’గా కలిపితే భారం అసాధారణంగా ఉంటుంది. ఉదాహరణకు నాలుగెకరాల మిర్చి రైతు ఒకరు 2018-19లో పొదుపు ఖాతాలో రూ.8.40 లక్షలు జమ చేశారనుకుందాం. 1961 నాటి చట్టంలోని 69ఎ సెక్షన్ కింద ఆ మొత్తం కలిపితే 60 శాతం పన్ను, దానిపై 25 శాతం సర్‌ఛార్జి, 4 శాతం సెస్సుతో రూ.6,55,200 కట్టాలి. వడ్డీ అదనం.

లెక్క విప్పి చూస్తే సంగతి వేరు. ఆ రైతు 2018 ఏప్రిల్‌లో యార్డులో మిర్చి అమ్మి మే నెలలో రూ.6.20 లక్షలు జమ చేశారు. ఇంటి స్లాబు కోసం జూన్‌లో రూ.2.20 లక్షలు తీశారు. పని ఆగిపోవడంతో నవంబరులో తిరిగి వేశారు. అధికారి ఒకే సొమ్మును రెండుసార్లు లెక్కించారన్నమాట. అభ్యంతరానికి ఇదే ఆయువుపట్టు. మొదటి కారణంగా దీన్నే తేదీలతో రాయాలి.

రెండో కారణం, మిగిలినది వ్యవసాయాదాయమని. దీనికి పట్టాదారు పాసుపుస్తకం, ఆ ఏడాది మిర్చి పైరు నమోదైన అడంగల్, కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలు జతచేయాలి. తక్‌పట్టీ తేదీ జమ తేదీకి ముందుండాలి. తర్వాతి తేదీ ఉంటే వాదన అక్కడే కూలిపోతుంది. విస్తీర్ణానికి దిగుబడి పొసగుతుందా అన్నదీ అధికారి చూస్తారు. ఐదు నెలలు నగదు ఇంట్లో ఎందుకుందని అడగడమూ ఖాయం. మేస్త్రీ లేఖో, ఆగిన పని ఆధారమో ఉంటే మంచిది. ఆ సొమ్ము మరోచోట ఖర్చయిందని శాఖ చూపలేనప్పుడు ఇలాంటి వివరణను ట్రైబ్యునళ్లు అంగీకరించిన సందర్భాలున్నాయి. కొంత నమ్మకపోయినా ఆ మేరకే కలపాలని చివర ప్రత్యామ్నాయంగా కోరాలి.

లేఖ ఎవరికి పంపాలన్నదే చాలామంది పొరబడే చోటు. షోకాజ్ నోటీసు దశలో అయితే ఇదంతా అధికారికే, గడువులోగా పోర్టల్‌లో సమర్పించాలి. తుది ఉత్తర్వు వెలువడ్డాక అధికారి దాన్ని తిరగరాయలేరు. కూడికల తప్పు వంటి స్పష్టమైన పొరపాట్లనే 154 సెక్షన్ కింద సరిచేస్తారు. అప్పుడు ఇవే కారణాలతో 30 రోజుల్లోగా ఫారం 35లో కమిషనర్ (అప్పీళ్లు)కు వెళ్లాలి. ఈ కేసులో రుసుము వెయ్యి రూపాయలు. ముందు చూపని పత్రాలు పెడితే ఎందుకు చూపలేకపోయారో 46ఎ నిబంధన కింద చెప్పాలి.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. నిలుపుదల కోరుతూ అధికారికి వేరే లేఖ ఇవ్వాలి. సాధారణంగా డిమాండులో 20 శాతం, ఇక్కడ సుమారు రూ.1.31 లక్షలు, కట్టమంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చినా, అంతకుముందు సంవత్సరాల కేసులు పాత చట్టం కిందే నడుస్తాయి.