ఎన్ని షేర్లు కొనాలో నష్టమే చెబుతుంది

హైదరాబాద్‌లోని ఓ ట్రేడింగ్ క్లబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు పెద్దాయన చెప్పిన తొలి పాఠంలో ఒక్క షేరు పేరూ లేదు. బోర్డు మీద 2 లక్షలు అని రాసి, ‘ఒక్క ట్రేడ్‌లో ఎంత పోతే మీకు ఈ రాత్రి నిద్ర పడుతుంది?’ అని అడిగారు. ఒక శాతం, అంటే 2 వేలు మించకూడదన్నది ఆయన లెక్క.

500 రూపాయల షేరు కొంటున్నారు. 480కి పడితే మన అంచనా తప్పినట్టే, అమ్మేయాలి. షేరుకు నష్టం 20 రూపాయలు. 2 వేలను 20తో భాగిస్తే 100 షేర్లు. డబ్బు ఉంది కదా అని నాలుగు వందలు కొనడం కుదరదు.

‘ఒక్క శాతంతో ఎప్పటికి సంపాదిస్తాం సర్?’ అని ఓ కుర్రాడు అడిగాడు. ఆయన నవ్వి మళ్లీ సుద్దముక్క అందుకున్నారు. సగం సార్లు గెలిచే పద్ధతిలోనూ వంద ట్రేడ్లలో ఎక్కడో వరుసగా ఆరు నష్టాలు రావడం వింతేమీ కాదు. ప్రతిసారీ మిగిలినదాంట్లో పది శాతం పోతే, ఆరు దెబ్బలకు 2 లక్షలు సుమారు 1 లక్షా 6 వేలవుతుంది. మొదటికి రావాలంటే 88 శాతం లాభం కావాలి. ఒక్కో శాతమే పోతే 1 లక్షా 88 వేలు మిగులుతుంది. ఆరు శాతం పైచిలుకు వస్తే చాలు. 2021-22 నుంచి 2023-24 దాకా ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని 2024లో సెబీ తేల్చింది. అందుకే కొత్తవాళ్లను ఆయన అటువైపు వెళ్లనివ్వరు.

లెక్క అందరికీ వస్తుంది. ధర 485కి దిగినప్పుడే అసలు పరీక్ష. ‘చవగ్గా దొరుకుతోంది’ అని ఇంకో వంద కొంటారు, స్టాప్‌లాస్‌ను 460కి జరుపుతారు. అక్కడ అమ్మితే మొదటి వందలో 4 వేలు, రెండో వందలో 2,500 పోతాయి. 2 వేలనుకున్న నష్టం 6,500 అయింది. మార్కెట్ చేసిందేమీ లేదు, అంతా మన చేతి పనే. కొనకముందే స్టాప్ ధరను నోట్‌బుక్‌లో రాయించేది అందుకే. కొట్టివేత కనిపిస్తే దొరికిపోయినట్టే.

అయితే స్టాప్‌లాస్ అన్నిసార్లూ ఆదుకోదు. ఇది దాచకుండా చెప్పినందుకే ఆయన మాట నమ్మబుద్ధి వేసింది. రాత్రికి రాత్రి చెడ్డ వార్త వచ్చి, మర్నాడు షేరు 460 దగ్గరే తెరుచుకుంటే 480 ధర మధ్యలో ఎక్కడా దొరకదు. 478కి తక్కువకు అమ్మొద్దని లిమిట్ పెట్టి ఉంటే ఆర్డర్ అలాగే వేలాడుతుంది. ఎన్నికల ఫలితాలు వచ్చిన 2024 జూన్ 4న నిఫ్టీ ఒక్కరోజే దాదాపు 6 శాతం పడింది. అలాంటి రోజు ముందు రాత్రి వంద షేర్లు పెట్టుకోవద్దు, యాభై చాలంటారు ఆయన.