ఏడాదికోసారి ఇంటి లెక్క

ఇంటి డబ్బు లెక్కను ఏటా ఒకసారి తిరగేయాలంటే మార్చి 31ని గుర్తు తేదీగా పెట్టుకోవడం సులువు. ఆర్థిక సంవత్సరం ఆ రోజుతో ముగుస్తుంది. బ్యాంకు, భవిష్యనిధి, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లన్నీ ఆ తేదీ నాటివి దొరుకుతాయి. ఉగాది కూడా కాస్త అటూ ఇటూగా అప్పుడే వస్తుంది కాబట్టి మరిచిపోయే భయం తక్కువ. కాగితాలు ముందే దగ్గర పెట్టుకుంటే భార్యాభర్తలిద్దరికీ ఒక ఆదివారం పూట సరిపోతుంది. ఇద్దరూ కూర్చోవడం మాత్రం తప్పనిసరి. ఏ ఖాతా ఎక్కడుందో ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉండటం వల్ల వచ్చే చిక్కులు ఆ ఒక్కరూ లేనప్పుడే బయటపడతాయి.

మొదటి పని ఉన్నదెంత, ఇవ్వాల్సిందెంత అని రాయడం. నివసిస్తున్న ఇంటిని విడిగా రాయాలి, ఎందుకంటే అవసరానికి అందులోంచి ఒక గది తీసి అమ్ముకోలేం. నగల విలువ కట్టేటప్పుడు మజూరీ, తరుగు కలపకూడదు, రాళ్ల బరువు తీసేయాలి. చీటీల దగ్గర చాలామంది తప్పుతారు. ఇంకా పాడని చీటీకి కట్టిన వాయిదాలు ఆస్తి కిందికి వస్తాయి. పాడేసిన చీటీకి మిగిలిన వాయిదాలు అప్పు కిందికి వస్తాయి. రెండింటినీ కలిపి ‘పొదుపు’ అని రాస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

అప్పుల జాబితాలో ప్రతిదాని పక్కనా ఏడాది వడ్డీ రాయాలి. మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకోవడం అలవాటు గనుక దాని భారం పైకి కనబడదు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షలు అలా తెచ్చిన కుటుంబం ఏటా 48 వేలు వడ్డీ కడుతుంది. అదే కుటుంబానికి మరోచోట రెండు లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉందనుకుంటే, ఆరున్నర శాతం చొప్పున ఏటా 13 వేలు వస్తాయి. ‘డిపాజిట్ కదిలించకూడదు’ అనే పట్టుదలకు ఏడాదికి 35 వేలు ఖర్చవుతున్నట్టే. ఇలాంటి జంట దొరికితే డిపాజిట్ తీసి అప్పు తీర్చడం కన్నా లాభసాటి పెట్టుబడి వేరే ఉండదు.

తర్వాత పెట్టుబడుల పాలు చూడాలి. ఈక్విటీలో 60 శాతం, స్థిర ఆదాయంలో 40 శాతం అని అనుకున్నవారికి మార్కెట్ బాగా పెరిగిన ఏడాది చివర 70, 30 కనిపించవచ్చు. సరిచేయడానికి ఉన్నవి అమ్మితే పన్ను పడవచ్చు. కొత్తగా వేసే డబ్బును కొన్నాళ్లు తక్కువైన వైపు మళ్లిస్తే సరిపోతుంది. అయిదు శాతం లోపు తేడా వస్తే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. ఏ ఫండ్ ఎంత ఇచ్చిందని తవ్వుతూ కూర్చోవడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇక నామినేషన్లు. పది నిమిషాల పనే అయినా ఎక్కువమంది దాటేసేది ఇదే. బ్యాంకు ఖాతాలు, భవిష్యనిధి, డీమ్యాట్, ఫండ్లు, బీమా, పోస్టాఫీసు పుస్తకాలు, అన్నింట్లో ఎవరి పేరుందో తెరిచి చూడాలి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరినప్పుడు భవిష్యనిధిలో తమ్ముడి పేరో స్నేహితుడి పేరో రాసి ఉంటే, పెళ్లయిన వెంటనే అది చెల్లకుండా పోతుంది. కొత్తది దాఖలు చేయాలి. బ్యాంకు ఖాతాలకైతే 2025 నవంబర్ నుంచి నలుగురి పేర్ల వరకు ఇవ్వవచ్చు.

నామినీ అంటే సొంతదారు అనుకోవడం ఇక్కడి పెద్ద అపోహ. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల విషయంలో నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే. హక్కు వారసులది. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023లో మరోసారి ఇదే చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము వారిదే. వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే అతని స్వార్జితం తల్లికి, భార్యకు, పిల్లలకు సమాన వాటాలుగా వెళ్తుంది. భార్య, తల్లి, చిన్నబిడ్డ మిగిలితే ఇల్లు మూడు వాటాలవుతుంది. మైనర్ బిడ్డ పేర వచ్చిన వాటాను అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. అప్పు తీర్చడానికి ఇల్లు అమ్ముదామనుకునే తల్లి ఇక్కడ ఆగిపోతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలతో ఒక పేజీ వీలునామా రాసి ఉంటే ఈ చిక్కు ఉండదు. దానికి రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు.

ఇవన్నీ మామూలు ఏడాదికి. జీవితంలో పెద్ద మార్పు వచ్చినప్పుడు ఏప్రిల్ దాకా ఆగకూడదు. బిడ్డ పుట్టడం, సంపాదించే ఒకరు ఇంట్లో ఉండిపోవడం కలిసి వచ్చే సందర్భాన్ని చూస్తే సర్దుబాటు ఎలా చేయాలో తెలుస్తుంది.

విజయవాడలో ఒక జంట ఉందనుకుందాం. భర్తకు 34 ఏళ్లు, చేతికొచ్చే జీతం 70 వేలు. భార్యకు 30 వేలు. నెలకొచ్చే లక్షలో బీమా ప్రీమియాలతో సహా ఇంటి ఖర్చు 45 వేలు, ఇంటి రుణం ఈఎంఐ 25 వేలు, భర్తకు 60 ఏళ్లు వచ్చేసరికి కావాల్సిన పెద్దమొత్తం కోసం సిప్ 15 వేలు, కారు కోసం రికరింగ్ డిపాజిట్ 15 వేలు. రుణం 20 ఏళ్లకు 8 శాతం వడ్డీపై తీసుకున్న 30 లక్షలు. నాలుగేళ్లు కట్టాక ఇంకా 27 లక్షలు మిగిలింది. బిడ్డ పుట్టాక జీతంతో కూడిన సెలవు అయిపోగానే భార్య మూడేళ్లు ఇంట్లో ఉండాలని ఇద్దరూ అనుకున్నారు.

అప్పుడు వచ్చేది 70 వేలు. ఇంటి ఖర్చు 50 వేలకు పెరుగుతుంది, ఈఎంఐ 25 వేలు ఎలాగూ కట్టాలి. సిప్, కారు డిపాజిట్ రెండూ ఆపినా నెలకు ఐదు వేలు తక్కువ పడుతుంది. మూడేళ్లకు 1,80,000.

మొదట తట్టే ఉపాయం రుణం గడువు పెంచుకోవడం. మిగిలిన 16 ఏళ్లను 24 చేయించుకుంటే ఈఎంఐ నెలకు 3,900 దాకా తగ్గుతుంది. లోటు చాలావరకు తీరినట్టే కనిపిస్తుంది. కానీ చివరిదాకా అలాగే కడితే అదనపు వడ్డీ దాదాపు 13 లక్షలు. మూడేళ్ల లోటు రెండు లక్షలు కూడా లేదు. దాని కోసం 13 లక్షలు తలకెత్తుకోవడం దండగ బేరం. భార్య మళ్లీ ఉద్యోగంలో చేరాక ఈఎంఐ పెంచుకుంటామని అనుకుని మొదలుపెట్టేవారు చాలామందే ఉంటారు, నిజంగా పెంచుకునేవారు కొందరే.

రెండో దారి కారు. బిడ్డ రాబోతోందని తెలిసిన నాటి నుంచి సెలవు ముగిసేదాకా తక్కువలో తక్కువ ఏడాది చేతిలో ఉంటుంది. ఆ ఏడాది కారు పేర వేసిన 15 వేల చొప్పున 1,80,000 అవుతుంది. లోటుకు సరిగ్గా సరిపోయే డబ్బు. కారు నాలుగేళ్లు వెనక్కి పోతుంది, అంతే. అత్యవసర నిధిని మాత్రం ఈ లోటుకు వాడకూడదు. ఒకే జీతం మీద నడిచే ఇంటికి దాని అవసరం ఇంకా ఎక్కువ. ఆరు నెలల ఖర్చు లెక్కన అది 4.2 లక్షల నుంచి 4.5 లక్షలకు చేరాలి.

సిప్ మూడేళ్లు ఆపితే నష్టమెంత? ఇక్కడ పెద్ద పెద్ద అంకెలతో భయపెట్టే లెక్కలు ఎక్కువ. ధరల పెరుగుదలను తీసేసి చూడటం మేలు. పెట్టుబడి ధరల కన్నా ఏటా 4 శాతం ఎక్కువ పెరుగుతుందని అనుకుంటే, మానేసిన 5.4 లక్షల లోటు అతనికి 60 ఏళ్లు వచ్చేసరికి నేటి విలువలో సుమారు 14 లక్షలు. దాన్ని పూడ్చడానికి భార్య ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 23 ఏళ్ల పాటు సిప్‌కు నెలకు 3,200 కలపాలి, ఆ మొత్తాన్ని ధరలతో పాటు పెంచుతూ పోవాలి. అంటే 15 వేల సిప్ 18,200 అవుతుంది. మూడేళ్ల విరామానికి అయ్యే ఖర్చు అదే. అంకె కళ్లముందు ఉంటే, ఆపడమా మానడమా అన్నది వాదనగా మారదు. అసలు ప్రమాదం విరామం తర్వాత సిప్ మళ్లీ మొదలుపెట్టకపోవడం. మొదలుపెట్టాల్సిన నెల పేరు ఆనాడే కాగితం మీద రాసుకోవాలి.

బీమా లెక్క కూడా మారుతుంది. భర్త లేకపోతే తీర్చాల్సిన రుణం 27 లక్షలు. అతని సొంత ఖర్చు పోగా ఇంటికి నెలకు 40 వేలు కావాలి. 25 ఏళ్లకు 1.2 కోట్లు. వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకు సరిపోతుందని అనుకునే లెక్క ఇది. బిడ్డ చదువుకు 20 లక్షలు కలిపి, ఇప్పటికే ఉన్న పొదుపు 17 లక్షలు తీసేస్తే 1.5 కోట్లు. ఇద్దరూ సంపాదిస్తున్నప్పుడు తీసుకున్న 50 లక్షల టర్మ్ పాలసీకి మరో కోటి కలపాలి. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమాను ఇందులో లెక్కించకూడదు, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది.

ఉద్యోగం మారేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. కంపెనీ ఆరోగ్య బీమా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది కనుక సొంత పాలసీ ఒకటి ముందే ఉండాలి. భవిష్యనిధిని డ్రా చేయకుండా కొత్త సంస్థకు బదిలీ చేయించుకోవాలి. ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. విదేశాలకు వెళ్లేవారు ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పాత పీపీఎఫ్ ఖాతా గడువు తీరేదాకా నడుస్తుంది, కొత్తది తెరవడానికి వీల్లేదు.

సంపాదించే మనిషి పోయిన ఇంట్లో మాత్రం వరుస తిరగబడుతుంది. అక్కడ ముందు చేయాల్సినవి క్లెయిములు. జీవిత బీమా, భవిష్యనిధి, దానితో పాటే ఉద్యోగుల డిపాజిట్ ఆధారిత బీమా కింద గరిష్ఠంగా 7 లక్షలు, జీవిత భాగస్వామికి, పిల్లలకు వచ్చే పింఛను. ఆ చివరి రెండూ ఉన్నాయనే సంగతి చాలా ఇళ్లలో తెలియదు. వచ్చిన సొమ్మును ఆరు నెలల పాటు సేవింగ్స్‌లో, స్వల్పకాల డిపాజిట్లలో ఉంచడం మంచిది. ఆ రోజుల్లో స్థలాలు చూపించేవారు, పాలసీలు అమ్మేవారు, చేబదులు అడిగే బంధువులు ఇంటికి రాక మానరు. ఇంటి రుణాన్ని వెంటనే తీర్చేయాలనిపించినా, రుణం తీసుకున్న రోజు బ్యాంకు దానికి జతగా బీమా చేయించిందేమో ముందు కనుక్కోవాలి. చేయించి ఉంటే ఆ పాలసీ నుంచే రుణం తీరుతుంది, చేతికొచ్చిన డబ్బు చేతిలోనే ఉంటుంది.