మొదటి బుడగ నుంచి చివరి బొట్టు దాకా

ఒక గాజు గొట్టం, దానిలో బిగుతుగా కూర్చునే పిస్టన్. లోపలి గాలినంతా తోడేశాం. అందులో 5 మోల్‌ల బెంజీన్, 5 మోల్‌ల టోలీన్ కలిపి పోశాం. గొట్టాన్ని 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర కదలకుండా ఉంచాం. పిస్టన్‌ని గట్టిగా నొక్కి పట్టినంతసేపూ లోపల ఉన్నదంతా ద్రవమే. ఇప్పుడు ఆ ఒత్తిడిని కొద్దికొద్దిగా సడలిస్తూ పోతే ఒకచోట మొదటి బుడగ పుడుతుంది. ఆ బుడగలో ఏముంది?

ద్రవంలో రెండూ సగం సగం ఉన్నాయి కాబట్టి బుడగలోనూ సగం సగం ఉంటాయని అనిపిస్తుంది. కానీ ఆ బుడగలో మూడు వంతులకు పైగా బెంజీనే ఉంటుంది. ఇది ఎందుకు, ఎంత, ఎప్పటిదాకా అనే మూడు ప్రశ్నలకూ ఒకే బొమ్మ జవాబు చెబుతుంది. పీడనానికీ మిశ్రమంలోని పాళ్లకూ ఉన్న సంబంధాన్ని చూపే ఆ బొమ్మను ఒక గ్రాఫ్ కాగితం మీద మనమే గీసుకోవచ్చు.

పైకి లేచే అణువుల లెక్క

ద్రవం ఉపరితలం నుంచి అణువులు ఎప్పుడూ ఎగిరిపోతూనే ఉంటాయి, ఎగిరినవాటిలో కొన్ని తిరిగి వచ్చి పడుతూనే ఉంటాయి. మూసిన పాత్రలో పోయేవీ వచ్చేవీ సమానమైనప్పుడు పైనున్న ఆవిరి కలిగించే పీడనమే బాష్పపీడనం. 25 డిగ్రీల దగ్గర శుద్ధ బెంజీన్‌కు ఇది సుమారు 95 మిల్లీమీటర్ల పాదరసం, శుద్ధ టోలీన్‌కు సుమారు 28. వాతావరణ పీడనం 760 అని గుర్తుంచుకుంటే ఇవి చిన్న అంకెలే. అందుకే గొట్టంలో గాలి ఉండకూడదన్నాం. గాలి ఉంటే దాని పీడనం కూడా వచ్చి లెక్కలో కలుస్తుంది.

ఇప్పుడు రెండూ కలిపితే? ఉపరితలం మీద ఉన్న అణువుల్లో సగమే బెంజీన్‌వి. ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి సగమైతే, పైకి చేరే బెంజీన్ ఆవిరీ సగమే అవుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఆచార్యుడిగా పనిచేసిన ఫ్రాన్స్వా మరీ రౌల్ట్ 1880లలో ఎన్నో ద్రావణాలను కొలిచి తేల్చిన నియమం ఇదే. మిశ్రమంలో ఒక ద్రవం కలిగించే పీడనం, అది శుద్ధంగా ఉన్నప్పటి బాష్పపీడనాన్ని దాని మోల్ భాగంతో గుణిస్తే వస్తుంది. మోల్ భాగమంటే మొత్తం అణువుల్లో దాని వంతు. మన గొట్టంలో అది 0.5.

కాబట్టి బెంజీన్ వంతు పీడనం 95లో సగం, అంటే 47.5. టోలీన్ వంతు 28లో సగం, 14. రెండూ కలిపితే 61.5. పిస్టన్ ఒత్తిడి 61.5కి దిగిన క్షణాన మొదటి బుడగ పుడుతుంది. బుడగలో ఎవరి వంతు ఎంతో ఇక భాగహారమే: 47.5ని 61.5తో భాగిస్తే 0.77. తేలిగ్గా ఎగిరే ద్రవం ఆవిరిలో తన వంతును పెంచుకుంటుంది. బుడగలో బెంజీన్ ఎక్కువ కావడానికి కారణం అదే.

గ్రాఫ్ కాగితం మీద

అడ్డగీత మీద బెంజీన్ మోల్ భాగాన్ని 0 నుంచి 1 దాకా గుర్తించండి. ఎడమ చివర శుద్ధ టోలీన్, కుడి చివర శుద్ధ బెంజీన్. నిలువుగీత మీద పీడనం, 0 నుంచి 100 దాకా.

మొదట ద్రవం గీత. ఎడమ అంచున 28 దగ్గర ఒక చుక్క, కుడి అంచున 95 దగ్గర ఒక చుక్క పెట్టి స్కేలుతో కలపండి. పని అయిపోయింది. ద్రవంలో బెంజీన్ భాగం x అయితే మొత్తం పీడనం

P = 28 + 67x

అవుతుంది. ఇది సరళరేఖ. ఇంటర్ రెండో ఏడాది ద్రావణాల పాఠంలో కనిపించే గీత ఇదే.

రెండోది ఆవిరి గీత. దీనికి కొంచెం లెక్క కావాలి. ద్రవంలో ఒక్కో x విలువకు పీడనం కట్టి, ఆవిరిలోని బెంజీన్ భాగం y ని

y = 95x / P

అనే సూత్రంతో రాబట్టాలి. నాలుగు విలువలు చాలు.

x = 0.2 అయితే P = 41.4, y = 0.46
x = 0.4 అయితే P = 54.8, y = 0.69
x = 0.6 అయితే P = 68.2, y = 0.84
x = 0.8 అయితే P = 81.6, y = 0.93

చాలామంది తడబడేది ఇక్కడే. మొదటి వరుసకు చుక్క పెట్టేటప్పుడు అడ్డగీత మీద 0.2 దగ్గర కాదు, 0.46 దగ్గర నిలబడి 41.4 ఎత్తుకు వెళ్లాలి. పీడనం రెండింటికీ ఒకటే, పాళ్లే వేరు. అలా నాలుగు చుక్కలూ పెట్టి, రెండు చివర్లనూ కలుపుకుంటూ చేత్తో నున్నగా గీస్తే ఒక వంపు వస్తుంది. అది సరళరేఖకు కింద, కుడివైపుకు జారిన ఊయలలా కనిపించాలి. మీ వంపు సరళరేఖకు పైన వచ్చిందంటే x ని, y ని తారుమారు చేశారన్నమాట.

సరళరేఖకు పైనున్న చోటంతా ద్రవం. వంపుకు కిందంతా ఆవిరి. రెండు గీతల మధ్య దొన్నె ఆకారంలో చిక్కిన చోట రెండూ కలిసి ఉంటాయి. పీడనం ఎక్కువైతే ఆవిరి అణగి ద్రవమవుతుందని తలచుకుంటే, పైన ద్రవం, కింద ఆవిరి అన్నది మళ్లీ మరిచిపోం.

టై లైన్ చెప్పే సంగతి

ఇప్పుడు మళ్లీ గొట్టం దగ్గరకు వద్దాం. మొత్తంగా లోపల ఉన్నది సగం సగమే కదా. అందుకని అడ్డగీత మీద 0.5 దగ్గర ఒక నిలువు చుక్కల గీత గీయండి. పిస్టన్ సడలిస్తున్నామంటే ఈ గీత మీద పైనుంచి కిందికి దిగుతున్నామని అర్థం. 61.5 దగ్గర సరళరేఖను తాకాం, మొదటి బుడగ పుట్టింది. ఇంకా కిందికి, 50 దాకా దిగుదాం. ఇప్పుడు దొన్నె లోపల ఉన్నాం.

50 ఎత్తున అడ్డంగా ఒక గీత గీయండి. ఎడమవైపు అది సరళరేఖను 0.33 దగ్గర, కుడివైపు వంపును 0.62 దగ్గర తాకుతుంది. ఈ అడ్డగీత పేరే టై లైన్. కలిసి బతుకుతున్న ద్రవాన్నీ ఆవిరినీ ముడివేసే గీత అది. ఆ పీడనం దగ్గర గొట్టంలోని ద్రవంలో బెంజీన్ 0.33 వంతు, పైనున్న ఆవిరిలో 0.62 వంతు. మనం పోసిన 0.5 పాళ్లు గల పదార్థం ఇప్పుడు గొట్టంలో విడిగా ఎక్కడా లేదు. అది రెంటి మీదా కట్టిన సగటు మాత్రమే.

టై లైన్ ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది, ఎందుకంటే ఒకే గొట్టంలో ఉన్న ద్రవానికీ ఆవిరికీ ఉండేది ఒకే పీడనం. వాలుగా గీస్తే ద్రవం ఒక పీడనంలో, ఆవిరి మరో పీడనంలో ఉన్నాయని చెప్పినట్టవుతుంది.

ఎంత ద్రవం, ఎంత ఆవిరి అన్నది కూడా ఆ గీతే చెబుతుంది. దాన్ని తక్కెడ కాడ అనుకోండి. 0.5 దగ్గర కాడను పట్టుకున్నాం. ఎడమ కొనకు ద్రవం, కుడి కొనకు ఆవిరి వేలాడుతున్నాయి. కాడ నిలకడగా ఉండాలంటే పొట్టి చేయి వైపు బరువు ఎక్కువ ఉండాలి. ఇంకాస్త సరిగ్గా కొలిస్తే ఎడమ చేయి పొడవు 0.172, కుడి చేయి 0.124. కుడి చేయి పొట్టిది, కాబట్టి ఆవిరే ఎక్కువ. 0.172ని మొత్తం పొడవు 0.296తో భాగిస్తే 0.58. అంటే 10 మోల్‌లలో 5.8 ఆవిరైపోయాయి, 4.2 ద్రవంగా మిగిలాయి.

ఏ వైపు చేయి ఎవరిదన్న అనుమానం వస్తే బెంజీన్ లెక్క సరిచూసుకోవాలి. 5.8 మోల్‌ల ఆవిరిలో 0.62 వంతు, 4.2 మోల్‌ల ద్రవంలో 0.33 వంతు కలిపితే మనం పోసిన 5 మోల్‌ల బెంజీన్ రావాలి. వస్తుంది. చేతులు మార్చేసి ఉంటే 4.5 దగ్గరే ఆగిపోయేది. ఇంకో జాగ్రత్త, బరువులో సగం మోల్‌లలో సగం కాదు. బెంజీన్ మోల్ 78 గ్రాములు, టోలీన్ మోల్ 92. రెండూ సమానమైన బరువులో కలిపితే బెంజీన్ మోల్ భాగం 0.54 అవుతుంది, నిలువు గీతను అక్కడికి జరపాలి.

ఈ బొమ్మ ఎక్కడిదాకా?

ఇంత శుభ్రమైన సరళరేఖ రావడానికి కారణం బెంజీన్, టోలీన్ దగ్గరి బంధువులు కావడమే. బెంజీన్ వలయానికి ఒక మిథైల్ గుంపు అతికితే అదే టోలీన్. చుట్టూ ఉన్నది తనవాళ్లా, టోలీన్‌లా అన్న తేడా బెంజీన్ అణువుకు దాదాపు తెలియదు. ఇలాంటి మిశ్రమాన్నే ఆదర్శ ద్రావణం అంటారు. ఎసిటోన్, క్లోరోఫాం కలిపితే ఆ రెండు అణువులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పైకి ఎగిరేవి తగ్గి, సరళరేఖ ఉండాల్సిన చోట గీత కిందికి కుంగుతుంది. నీరు, ఇథనాల్ కలిపితే గీత పైకి ఉబ్బుతుంది. అక్కడ ఒకచోట ద్రవం గీత, ఆవిరి గీత ఒకదాన్నొకటి తాకుతాయి. ఆ బిందువు దగ్గర టై లైన్ పొడవు సున్నా, ఆవిరీ ద్రవమూ ఒకే పాళ్లు. మామూలు స్వేదనంతో ఇథనాల్‌ను పూర్తిగా నీటి నుంచి విడదీయలేకపోవడానికి కారణం అదే.

ఇంకొక హద్దు, ఈ బొమ్మ 25 డిగ్రీలకే చెల్లుతుంది. వేడి పెంచితే 95, 28 రెండూ పెరుగుతాయి, బొమ్మ మళ్లీ గీయాలి. పైగా బెంజీన్ క్యాన్సర్ కారకం. ఈ ప్రయోగం ఇంట్లో కాగితం మీదే చేయాలి.

చివరి బొట్టు

50 దగ్గర ఆగిన పిస్టన్‌ని ఇంకా సడలిద్దాం. నిలువు గీత వెంట దిగుతుంటే టై లైన్ ఎడమ కొన టోలీన్ వైపు జరుగుతూ పోతుంది. బెంజీన్ ముందుగా వెళ్లిపోతోంది కాబట్టి మిగిలిన ద్రవంలో టోలీన్ పాలు పెరుగుతోంది. సుమారు 43 దగ్గర నిలువు గీత వంపును తాకుతుంది. గొట్టం గోడకు చివరి బొట్టు ఒక్కటే మిగులుతుంది. ఆ ఎత్తున టై లైన్ గీసి ఎడమ కొన చూడండి: 0.23. మొదటి బుడగలో మూడు వంతులకు పైగా బెంజీన్ ఉంటే, చివరి బొట్టులో మూడు వంతులకు పైగా టోలీన్ ఉంది.

ఇప్పుడు ఆ మొదటి బుడగను మాత్రమే వేరే గొట్టంలోకి తీసి, అణచి ద్రవం చేశామనుకోండి. బొమ్మ మీద 0.77 నుంచి నిట్టనిలువుగా సరళరేఖ దాకా ఎక్కి, అక్కడి నుంచి అడ్డంగా కుడివైపు వంపు దాకా నడవాలి. 0.92 వస్తుంది. మళ్లీ ఎక్కి, మళ్లీ నడిస్తే 0.97 దాటుతుంది. కాగితం మీద మెట్లు పడుతున్నాయి, ఒక్కో మెట్టు తలం ఒక్కో టై లైన్. కర్మాగారాల్లో నిలువెత్తు స్వేదన స్తంభాలు పీడనాన్ని నిలకడగా ఉంచి ఉష్ణోగ్రతతో నడిచినా, లోపల పలక తరవాత పలకగా జరిగేది ఇలా మెట్లెక్కడమే.