35 శాతం తగ్గించాం అంటారు, మరి అసలు రేటెంత?

రంజాన్ చివరి పది రోజులు వచ్చాయంటే పటాన్‌చెరు, సంగారెడ్డి బజార్లలో ఇఫ్తార్ తర్వాతే అసలు సందడి. కంపెనీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు పిల్లల్ని తీసుకుని బట్టలకి, చెప్పులకి, ఇంట్లోకి కావాల్సిన సామానుకి బయల్దేరతారు. ప్రతి దుకాణం ముందు డిస్కౌంట్ బోర్డు ఉంటుంది. ఎంత శాతం తగ్గించారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మనం కట్టాల్సింది బిల్లులో ఉంటుంది. దేని మీద తగ్గించారో మాత్రం చాలాసార్లు కనబడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఈద్‌కి ఇంట్లోకి మిక్సీ కొనడానికి వెళ్లారు అనుకోండి. దుకాణదారు "ఆపా, 35 శాతం తీసేసిన తర్వాత రేటు ఇది, 2,730 రూపాయలు ఇవ్వండి" అన్నాడు. బేరం బాగానే ఉన్నట్టుంది. కానీ 35 శాతం తీయకముందు రేటు ఎంత ఉండాలి?

చాలామంది ఏం చేస్తారంటే, ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి 2730 + 35% అని కొడతారు. 3,685.50 అని వస్తుంది. తగ్గించిన 35 శాతాన్ని తిరిగి కలిపేస్తే పాత రేటు వచ్చేసినట్టే కదా అనిపిస్తుంది. ఇక్కడే లెక్క తప్పుతుంది. దుకాణదారు 35 శాతం తీసింది పాత రేటు మీద. మనం కలిపింది కొత్త రేటు మీద. కొత్త రేటు చిన్నది కాబట్టి దాని మీద 35 శాతం కూడా చిన్నదే అవుతుంది. తీసింది ఎక్కువ, తిరిగి కలిపింది తక్కువ.

సరైన దారి ఇలా ఉంటుంది. అసలు రేటును 100 భాగాలు అనుకోండి. అందులో 35 భాగాలు తగ్గించారు, 65 భాగాలు మిగిలాయి. మీరు కడుతున్న 2,730 రూపాయలు ఆ 65 భాగాల ఖరీదు. 2,730ని 65తో భాగిస్తే 42 వస్తుంది, అంటే ఒక్కో భాగం 42 రూపాయలు. 100 భాగాలకి 4,200. అదే అసలు రేటు. కాలిక్యులేటర్‌లో అయితే ఇలా కొట్టాలి:

```
2730 ÷ 65 × 100
```

లెక్క నిజమో కాదో చూసుకోవాలంటే వెనక్కి రండి. 4,200లో 35 శాతం 1,470. తీసేస్తే 2,730. సరిపోయింది. ముందు వచ్చిన 3,685లో 35 శాతం తీసి చూస్తే 2,395 దగ్గర ఆగుతుంది, బిల్లుకి దగ్గరగా కూడా రాదు.

ఇప్పుడు మిక్సీ డబ్బాని తిప్పి చూడండి. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద అన్ని పన్నులూ కలిపి ఎమ్మార్పీ ముద్రించాలని చట్టం చెబుతోంది, అంతకు మించి అమ్మడానికి లేదు. డబ్బా మీద 3,900 అని ఉందనుకోండి. మన లెక్కలో అసలు రేటు 4,200 వచ్చింది. ఎమ్మార్పీ కంటే 300 ఎక్కువ! అంటే ఈ దుకాణంలో 35 శాతం అనేది డబ్బా మీద ఉన్న రేటు నుంచి తీసింది కాదు. 3,900 నుంచి 2,730కి తగ్గింది 1,170, అది సరిగ్గా 30 శాతం. నిజంగా 35 శాతం తీసి ఉంటే మీరు 2,535 కట్టాలి. తేడా 195 రూపాయలు.

తప్పు లెక్క చేసినవాళ్లకి ఇది అస్సలు దొరకదు. వాళ్లకి వచ్చింది 3,685, డబ్బా మీద ఉన్నది 3,900. "మనం అనుకున్నదానికంటే ఎమ్మార్పీ ఇంకా ఎక్కువే ఉంది, అంటే ఇంకా ఎక్కువే తగ్గించాడు" అని దుకాణదారుకి థ్యాంక్స్ చెప్పి మరీ వస్తారు.

డిస్కౌంట్ పెరిగే కొద్దీ ఈ తప్పు కూడా పెరుగుతుంది. ట్రాఫిక్ చలాన్లు గుర్తు చేసుకోండి. 2023 డిసెంబర్ 26 నుంచి తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు, బైకులకి, ఆటోలకి 80 శాతం. అప్పుడు ఒకరు 240 రూపాయలు కట్టి బండి మీద బాకీ తీర్చుకున్నారనుకుందాం. అసలు చలాన్ ఎంత? 240 + 80% కొడితే 432 వస్తుంది. నిజానికి కట్టింది 20 భాగాలు మాత్రమే, 100 భాగాలు అంటే దానికి 5 రెట్లు, 1,200 రూపాయలు. 432కీ 1,200కీ ఎక్కడైనా పొంతన ఉందా? పది శాతం డిస్కౌంట్‌లో అయితే రెండు పద్ధతులకీ తేడా చాలా చిన్నగా ఉంటుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు.

ఈ లెక్క మన ఇళ్లలో కొత్తదేం కాదు. జకాత్ రెండున్నర శాతం అని అందరికీ తెలుసు. ఒకరు 5,000 జకాత్ తీశారంటే లెక్కలోకి వచ్చిన సొమ్ము రెండు లక్షలు అని పెద్దవాళ్లు కాగితం లేకుండానే చెప్పేస్తారు, 40తో గుణిస్తారు అంతే. ఉన్న ముక్క నుంచి మొత్తానికి వెళ్లడం అక్కడా ఇక్కడా ఒకటే.

దుకాణదారు మీదికి వెళ్లే ముందు కొన్ని చూసుకోవాలి. శాతాన్ని రౌండ్ చేసి రాస్తారు. 34.5 అయినా, 35.4 అయినా బోర్డు మీద 35 అనే ఉంటుంది. మన మిక్సీ లెక్కలో అంతమాత్రం తేడాకే అసలు రేటు 4,168 నుంచి 4,226 వరకు ఎక్కడైనా రావచ్చు. కాబట్టి ముప్పై రూపాయల తేడా మోసం కాదు. 300 తేడా మాత్రం రౌండింగ్‌తో రాదు. బోర్డు మీద "35 శాతం వరకు" అని ఉందేమో కూడా చూడండి. ఆ 'వరకు' చిన్న అక్షరాల్లో ఒక మూలన ఉంటుంది, మీ మిక్సీకి 30 శాతమే ఇచ్చినా బోర్డు తప్పు కాదు. మన ఉదాహరణలో దుకాణదారు నోటితో 35 అన్నాడు, అదీ ఇబ్బంది.

"20 ప్లస్ 10" అని రాసిన ఆఫర్లు ఇంకో రకం. అది 30 కాదు. ముందు 20 పోతే 80 మిగులుతుంది, ఆ 80లో పదో వంతు, అంటే 8 పోతుంది, మిగిలేది 72. కాబట్టి బిల్లుని 70తో కాదు, 72తో భాగించాలి. బిల్లు 1,440 అయితే అసలు రేటు 2,000. శాతం తీసేశాక కూపన్ మీద ఇంకో 200 తగ్గిస్తే, ముందు ఆ 200ని బిల్లుకి తిరిగి కలిపి, ఆ తర్వాతే భాగించాలి. వరుస మారిస్తే జవాబు మారిపోతుంది.

మీటర్ లెక్కన కోసి ఇచ్చే బట్టకి, విడిగా తూచి ఇచ్చే సరుకుకి ఎమ్మార్పీ ఉండదు, అక్కడ పోల్చి చూడటానికి పక్క దుకాణమే దిక్కు. డబ్బా సరుకు అయితే ఎమ్మార్పీ ఉన్న వైపు ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, బిల్లు మీద డిస్కౌంట్ శాతం రాయించుకోండి. శాతం బిల్లులో ఉంటే "నేను అలా అనలేదు" అనడానికి వీలుండదు. అక్కడికక్కడే తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకుంటే అది తూనికలు, కొలతల శాఖ చూసే విషయం. శాతం తప్పు చెప్పడం వేరే ఫిర్యాదు, అది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది. ఫోన్‌లో ఈ రెండిటిలో మీది ఏదో ముందే చెప్పండి.