మహమ్మారి సంవత్సరంలో పసిడి ధర: మార్చి పతనం, ఆగస్టు శిఖరం

ఆపత్కాలంలో బంగారం ధర పెరుగుతుందన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. అయితే 2020 మార్చిలో కరోనా మహమ్మారి ప్రపంచాన్ని కమ్ముకొన్న ఆ పది రోజుల్లోనే బంగారం ధర పడిపోయింది. మార్చి 9న ఔన్సు (31.1 గ్రాములు) ధర కొద్దిసేపు 1,700 డాలర్లను తాకి, 19వ తేదీ నాటికి 1,470 డాలర్ల ప్రాంతానికి దిగింది. ఐదు నెలలు తిరగకముందే అదే బంగారం చరిత్రలో తొలిసారిగా 2,000 డాలర్లు దాటింది. ఈ రెండు కదలికలు పరస్పర విరుద్ధంగా కనిపించినప్పటికీ, మొదటి విపత్తును ఆపడానికి తీసుకొన్న చర్యలే రెండవదానికి దారితీశాయి.

నగదు కరవు

పతనానికి కారణం బంగారంపై విశ్వాసం సడలడం కాదు. ఒక ఊహా ఉదాహరణను పరిశీలిద్దాం. ఒక పెట్టుబడి సంస్థ వద్ద 100 కోట్ల డాలర్ల షేర్లు ఉన్నాయి; వాటిలో 60 కోట్లు అప్పు. షేర్ల విలువ 70 కోట్లకు జారితే సంస్థ సొంత సొమ్ము 40 కోట్ల నుండి 10 కోట్లకు కుదించుకుపోతుంది. అప్పిచ్చినవారు తమ రక్షణకై మరునాటికల్లా అదనపు నగదు కట్టమంటారు. దీనినే మార్జిన్ కాల్ అంటారు. పడిపోయిన షేర్లను అమ్మితే నష్టం ఖాయం. అదే సంస్థ చేతిలో కొన్న ధరకన్నా హెచ్చు పలుకుతున్న బంగారం ఉంటే, ముందుగా అమ్ముడయ్యేది అదే. కొనేవారు ఎప్పుడూ సిద్ధంగా ఉండడం బంగారానికున్న బలం. ఆ రోజుల్లో ఆ బలమే దానికి కీడు చేసింది. 2008లో లేమన్ బ్రదర్స్ కుప్పకూలిన తరువాత అక్టోబరులోనూ ఇదే జరిగింది.

ఇది నగదు కోసం జరిగిన అమ్మకమేనని నిర్ధారించుకోవడానికి ఒక మార్గముంది. అత్యంత సురక్షితమైనవిగా భావించే అమెరికా ప్రభుత్వ బాండ్లను కూడా అదే వారంలో అమ్ముకొన్నారు. డాలరు విలువ మాత్రం పెరిగింది. అందరూ కోరుకొన్నది డాలర్లను మాత్రమే.

మార్చి 15న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును దాదాపు సున్నాకు తగ్గించింది. అయినా అమ్మకాలు ఆగలేదు. పరిమితి లేకుండా బాండ్లు కొంటామని 23న ప్రకటించిన తరువాతనే బంగారం ధర నిలదొక్కుకొని వేగంగా లేచింది.

మరునాడు ఒక విచిత్రం చోటుచేసుకొంది. లండన్ ఖజానాల్లో ఉండేవి 400 ఔన్సుల కడ్డీలు. న్యూయార్క్ ఫ్యూచర్స్ ఒప్పందాల కింద అప్పగించవలసినవి 100 ఔన్సుల లేదా కిలో కడ్డీలు. వాటిని కరిగించి మార్చే పెద్ద శుద్ధి కర్మాగారాలు స్విట్జర్లాండులో, ఇటలీని ఆనుకొని ఉన్న టిచీనో ప్రాంతంలో ఉన్నాయి. అక్కడ పని నిలిచిపోయింది, బంగారాన్ని మోసే విమానాలూ ఆగిపోయాయి. దానితో ఎప్పుడూ కొద్ది డాలర్లకు మించని రెండు నగరాల ధరల వ్యత్యాసం ఒక దశలో 70 డాలర్లు దాటింది. బంగారం ఉంది, కావలసిన రూపంలో, కావలసిన చోట లేదు.

వడ్డీ లేని లోహానికి అనువైన కాలం

బంగారం వడ్డీనివ్వదు. అందుచేత బాండ్లపై వచ్చే వడ్డీ నుండి ధరల పెరుగుదలను తీసివేయగా మిగిలే నిజ వడ్డీ దానికి అసలైన పోటీదారు. ఆగస్టు ఆరంభంలో పదేళ్ల అమెరికా బాండుపై వడ్డీ అర శాతానికి కాస్త పైన ఉండగా, మార్కెట్లు ఊహించిన ద్రవ్యోల్బణం సుమారు 1.6 శాతం. అంటే నిజ వడ్డీ మైనస్ ఒక శాతం. బాండు దాచుకొన్నవారి కొనుగోలు శక్తి ఏటా తరిగిపోతున్నప్పుడు బంగారం పట్టుకోవడంలో నష్టమేమీ లేదు. 2011 నాటి రికార్డు జూలై 27న చెదిరింది. ఆగస్టు 6న లండన్ ధర 2,067 డాలర్లకు చేరింది.

ఈ కొనుగోళ్లలో ఆభరణాల పాత్ర స్వల్పం. అక్షయ తృతీయ లాక్‌డౌన్‌లోనే గడిచింది. ఆ ఏడాది భారతదేశంలో పసిడి గిరాకీ మూడోవంతుకు పైగా తగ్గింది. ధరను నడిపించింది ప్రధానంగా పాశ్చాత్య దేశాల గోల్డ్ ఈటీఎఫ్ పథకాలు. మన ఇళ్లలోని బంగారం కదిలింది తాకట్టు కోసం.

అదే ఆగస్టు 6న రిజర్వు బ్యాంకు, వ్యవసాయేతర అవసరాలకు బ్యాంకులిచ్చే పసిడి రుణాల పరిమితిని నగ విలువలో 75 శాతం నుండి 90 శాతానికి పెంచింది. ఈ వెసులుబాటు 2021 మార్చి 31 వరకు. ఆలోగా టీకా వార్తలు వచ్చాయి, తరువాత బాండ్ల వడ్డీ పెరిగింది, లండన్ ధర శిఖరం నుండి సుమారు 18 శాతం దిగింది. లక్ష రూపాయల నగపై 90 వేలు తీసుకొన్నవారి తాకట్టు విలువ 82 వేలకు పడినట్లు లెక్క. గత 30 రోజుల సగటు ధరపైనే నగకు విలువ కట్టాలన్న నిబంధన ఈ లోటును కొంత తగ్గించింది. అయినప్పటికీ పలువురు రుణగ్రహీతలకు బ్యాంకుల నుండి వచ్చిన మాట, మార్చిలో పెట్టుబడి సంస్థలకు వచ్చినదే: తేడా సొమ్ము కట్టండి, లేదా వేలానికి సిద్ధపడండి.