దోపిడీ కథలో పథకం ఎక్కడ చెడాలి?

దోపిడీ కథలో పథకం చెడడానికి కారణం ముఠాలోనే ఉండాలి, అదీ ముందే కనబడాలి. జూల్స్ దాసిన్ తీసిన ఫ్రెంచ్ సినిమా ‘రిఫిఫి’ (1955) ఇందుకు చక్కని పాఠం. నలుగురు దొంగలు పారిస్‌లో ఒక నగల దుకాణం పై అంతస్తు నుంచి కన్నం వేస్తారు. పెచ్చులు రాలి చప్పుడు కాకుండా కన్నంలోంచి గొడుగు దించి తెరుస్తారు. అలారం మోగకుండా అందులోకి నురగ కొడతారు. దాదాపు అరగంట ఒక్క మాటా వినబడదు. పని సజావుగా పూర్తవుతుంది.

చెడేది ఆ తర్వాతే. దారిన పోయే పోలీసు పట్టుకుని ఉంటే కథ తేలిపోయేది. ఇనప్పెట్టెలు తెరిచే నిపుణుడు సీజర్‌కు ఆడవాళ్ల దగ్గర నిగ్రహం ఉండదని ప్రేక్షకుడికి ముందే తెలుసు. అతడు ఒక ఉంగరం దాచి క్లబ్ గాయనికి ఇస్తాడు. అది క్లబ్ యజమాని కంటపడి, ముఠా ఆచూకీ దొరికిపోతుంది.