రెండు రీడింగుల మధ్య బీఓడీ

మురుగునీటి నమూనాను గాలి పట్టించి, 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో నిండుగా పోసి మూతపెట్టండి. 20 డిగ్రీల దగ్గర, చీకటిలో అయిదు రోజులు ఉంచి, ఎంత ఆక్సిజన్ తగ్గిందో కొలవండి. ఎంత కుళ్లిన నీరైనా జవాబు లీటరుకు 9 మిల్లీగ్రాములు దాటదు. 20 డిగ్రీల దగ్గర మామూలు వాతావరణ పీడనంలో నీటిలో కరగగల ఆక్సిజన్ సుమారు 9.1 మిల్లీగ్రాములే కాబట్టి, సీసాలో లేనిది సూక్ష్మజీవులు ఎక్కడినుంచి తెచ్చుకుంటాయి? జేబులో తొమ్మిది రూపాయలే ఉన్నవాడి బిల్లు చూసి అతని ఆకలి ఎంతో చెప్పలేం కదా.

జీవరసాయన ఆక్సిజన్ అవసరం, అంటే ల్యాబుల్లో అందరూ బీఓడీ అనేది, కొలిచే చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. పట్టణ మురుగు బీఓడీ తరచు లీటరుకు 150 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. దాన్ని తొమ్మిది మిల్లీగ్రాముల సీసాలో పట్టించాలంటే ఒకటే దారి. కొద్దిపాటి మురుగును చాలా శుభ్రమైన నీటిలో కలిపి, తగ్గిన ఆక్సిజన్‌ను కొలిచి, మళ్లీ ఆ పలుచనకు తగ్గట్టు హెచ్చించాలి. కాబట్టి నివేదికలో కనిపించే బీఓడీ అంకెను ఏ పరికరమూ నేరుగా చూపలేదు. రెండు రీడింగుల తేడాను గుణించగా వచ్చిన అంకె అది.

```
BOD5 = (D1 − D2) / P
```

D1 మొదటి రోజు కరిగిన ఆక్సిజన్, D2 అయిదో రోజు మిగిలింది, P సీసాలో నమూనా వాటా. 300 మిల్లీలీటర్ల సీసాలో 6 మిల్లీలీటర్ల మురుగు పోస్తే P విలువ 0.02. దానితో భాగించడమంటే తేడాను 50తో హెచ్చించడమే.

పలుచన చేసే నీరంటే కుళాయి నీరు కాదు. స్వేదన జలంలో లీటరుకు ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఫాస్ఫేట్ బఫర్, మెగ్నీషియం సల్ఫేట్, కాల్షియం క్లోరైడ్, ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణాలు కలిపి, గాలి పట్టించి తయారు చేస్తారు. సూక్ష్మజీవులకు ఆహారం నమూనాలోంచి మాత్రమే అందాలి, మిగతా పోషకాలకు మాత్రం కొరత రాకూడదు. ఆ నీటితోనే నింపిన ఒక సీసాను పక్కన పెడతారు. దీన్ని బ్లాంక్ అంటారు. అయిదు రోజుల్లో అందులో ఆక్సిజన్ 0.2 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ తగ్గితే నీరే మలినమైందని అర్థం. ఆ రోజు పెట్టిన సీసాలన్నీ అనుమానాస్పదమే.

ఇప్పుడొక లెక్క చేద్దాం. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవి, కానీ మురుగుశుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటికి ఇలాంటివే వస్తాయి. బీఓడీ ఎంతో ముందు తెలియదు కాబట్టి ఒకే నమూనాను నాలుగు సీసాల్లో నాలుగు పాళ్లలో పెడతాం. బ్లాంక్ 8.9 నుంచి 8.8కి వచ్చింది, బాగానే ఉంది.

మొదటి సీసాలో 3 మిల్లీలీటర్ల నమూనా. ఆక్సిజన్ 8.8 నుంచి 6.9కి దిగింది. తేడా 1.9, వందతో హెచ్చిస్తే 190. రెండో సీసాలో 6 మిల్లీలీటర్లు. 8.7 నుంచి 4.6కి, తేడా 4.1, యాభైతో హెచ్చిస్తే 205. మూడో సీసాలో 9 మిల్లీలీటర్లు. 8.6 నుంచి 2.5కి, తేడా 6.1, దాన్ని 0.03తో భాగిస్తే 203. నాలుగో సీసాలో 15 మిల్లీలీటర్లు. 8.5 నుంచి 0.1కి, తేడా 8.4, ఇరవైతో హెచ్చిస్తే 168.

నాలుగు జవాబులు వచ్చాయని సగటు తీస్తే దాదాపు 192 అవుతుంది. అది తప్పు. ముందు ఏ సీసాల మాట నమ్మాలో తేల్చాలి. దానికి రెండు నిబంధనలున్నాయి: అయిదు రోజుల్లో కనీసం 2 మిల్లీగ్రాములు తగ్గాలి, చివర కనీసం 1 మిల్లీగ్రాము మిగలాలి. మొదటి సీసా మొదటి నిబంధనలోనూ, నాలుగోది రెండో నిబంధనలోనూ పోతాయి. మిగిలిన 205, 203ల సగటు 204. అదే ఫలితం.

ఈ నిబంధనలను ల్యాబ్ చాదస్తం అనుకునేవారుంటారు. మొదటి సీసా సంగతి చూడండి. మీటరు ఒక్కో రీడింగులో 0.1 అటూఇటూ పోయిందనుకుందాం, మామూలు విషయమే. రెండు రీడింగుల తప్పులూ వ్యతిరేక దిక్కుల్లో పడితే తేడాలో 0.2 తప్పు. మూడో సీసాలో అది తుది అంకెను సుమారు 7 మిల్లీగ్రాములు కదిలిస్తుంది, రెండోదానిలో 10. మొదటి సీసాలో హెచ్చించేది వందతో కనుక 20 మిల్లీగ్రాములు కదులుతుంది. తేడా చిన్నదైనకొద్దీ, హెచ్చింపు పెద్దదైనకొద్దీ మీటరు తడబాటే ఫలితమైపోతుంది.

నాలుగో సీసాది వేరే రోగం, ఇంకా ప్రమాదకరమైనది. అందులోని 15 మిల్లీలీటర్ల మురుగు నిజంగా అడిగేది 10.2 మిల్లీగ్రాములు. సీసాలో ఉన్నవి 8.5 మాత్రమే. ఆక్సిజన్ నాలుగో రోజుకే అడుగంటి ఉండవచ్చు. ఆ తర్వాత కొలవడానికి ఏమీ లేదు. అందుకే 168. అదే నమూనాను 30 మిల్లీలీటర్లు పోసి ఉంటే, 8.0 నుంచి సున్నాకు వచ్చి, పదితో హెచ్చిస్తే 80 అని తేలేది. నీరు మారలేదు, పోసిన వాటా మారింది, మురికి సగానికి పైగా మాయమైంది. బీఓడీ తక్కువ చూపించాలనుకునేవాడికి రసాయనాలేం అక్కర్లేదు, నమూనా కాస్త ఎక్కువ పోస్తే చాలు. చివరి రీడింగు సున్నా దగ్గర ఉన్నప్పుడు ఫలితాన్ని ‘అంతకు మించి’ అని మాత్రమే చదవాలి.

శుద్ధి చేసి బయటకు వదిలే నీటి దగ్గరికి వస్తే చిక్కు తిరగబడుతుంది. ఆ నీటికి క్లోరిన్ వేసి ఉంటే సూక్ష్మజీవులు చనిపోయి ఉంటాయి. 100 మిల్లీలీటర్లు పోసిన సీసాలో ఆక్సిజన్ 8.5 నుంచి 8.1కి మాత్రమే దిగిందనుకోండి. 0.4ను మూడుతో హెచ్చిస్తే 1.2. స్నానపు రేవుకు సరిపోయే నీరు! నిజానికి తినేవాళ్లే లేరు. ముందు సోడియం సల్ఫైట్‌తో క్లోరిన్ తీసేసి, బయటినుంచి సూక్ష్మజీవులను, అంటే సీడ్‌ను, కలపాలి. తేరిన మురుగే ఎక్కువగా సీడ్‌గా వాడతారు. కానీ సీడ్ కూడా ఆక్సిజన్ తింటుంది కనుక దాని వాటాను తీసేయాలి.

సీడ్ మాత్రమే 10 మిల్లీలీటర్లు పోసిన సీసాలో ఆక్సిజన్ 4.0 తగ్గితే, మిల్లీలీటరుకు 0.4 చొప్పున పడింది. మన నమూనా సీసాలో 2 మిల్లీలీటర్ల సీడ్ వేశాం, దాని వాటా 0.8. సీడ్ వేశాక ఆ సీసా 8.5 నుంచి 5.3కి దిగింది, తేడా 3.2. అందులోంచి 0.8 తీసేస్తే 2.4, మూడుతో హెచ్చిస్తే 7.2. సీడ్ వాటా తీయడం మరిచిపోతే 9.6 వచ్చేది. పరిమితి 10 దగ్గర ఉన్న కేంద్రానికి ఈ తేడా చిన్నది కాదు.

నిబంధనలన్నీ పాటించినా తప్పుదారి పట్టించే సందర్భం ఒకటుంది. బాగా పనిచేసే శుద్ధి కేంద్రం నీటిలో అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా అప్పటికే పెరిగి ఉంటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనిని మార్చడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. పైన చెప్పిన నీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా నత్రజని ఉండి, అదంతా సీసాలోనే మారితే, చివరి రీడింగు 5.3 బదులు 2.3 దగ్గర ఆగుతుంది. తేడా 6.2, సీడ్ తీస్తే 5.4, ఫలితం 16.2. రెండు నిబంధనలూ నెగ్గిన సీసా ఇది. అయినా సేంద్రియ కాలుష్యం ఇప్పటికీ 7.2 మాత్రమే. పచ్చి మురుగులో ఈ బ్యాక్టీరియా తక్కువ కాబట్టి అయిదు రోజుల్లో ఇది పెద్దగా బయటపడదు. కార్బన్ భాగాన్నే కొలవాలనుకున్నప్పుడు ఆ బ్యాక్టీరియాను ఆపే రసాయనాన్ని సీసాలో వేసి, నివేదికలో ఆ మాట రాయాలి.

చీకటి ఎందుకంటే, నమూనాలో నాచు ఉంటే వెలుతురులో అది ఆక్సిజన్ తయారుచేసి లెక్క తారుమారు చేస్తుంది. మూత చుట్టూ నీరు పోసి గాలి చొరకుండా చూడటమూ అందుకే. సీసాలో చిక్కిన ఒక్క గాలిబుడగ కూడా అయిదు రోజుల్లో కొత్త ఆక్సిజన్‌ను లోపలికి పంపుతుంది.

మరి అయిదు రోజులే ఎందుకు? బ్రిటన్‌లో మురుగుపై 1898లో ఏర్పడిన రాయల్ కమిషన్ తన 1912 నివేదికలో అయిదు రోజుల పరీక్షను స్థిరపరిచింది. అక్కడి నదుల నీరు అయిదు రోజుల్లోపే సముద్రం చేరుతుందన్నది తరచు చెప్పే కారణం. గోదావరికి ఆ లెక్క వర్తించదు, మన ఎండలకు 20 డిగ్రీలూ నప్పవు. భారత ప్రమాణం ఐఎస్ 3025, 44వ భాగం, 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల పరీక్షను చెబుతుంది. వెచ్చదనంలో సూక్ష్మజీవులు త్వరగా తింటాయి. మురుగుకు మామూలుగా వాడే రేటు, అంటే 20 డిగ్రీల దగ్గర రోజుకు 0.23 తీసుకుంటే, అయిదు రోజుల్లో మొత్తం అవసరంలో 68 శాతం తీరుతుంది. 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల్లో 61 శాతం. దగ్గరదగ్గరే, కానీ ఒకటి కాదు. రెండు పద్ధతుల అంకెలను పక్కపక్కన పెట్టి నది మెరుగైందనో పాడైందనో చెప్పడం కుదరదు.

ఇంత జాగ్రత్త పడ్డాక కూడా ఈ పరీక్షకు ఎంత కచ్చితత్వం ఉంది? గ్లూకోజు, గ్లుటామిక్ ఆమ్లం ఒక్కొక్కటి లీటరుకు 150 మిల్లీగ్రాముల చొప్పున కలిపిన ద్రావణంతో ల్యాబులు తమను తాము పరీక్షించుకుంటాయి. దాని ఫలితం 198కి 30.5 అటూఇటూ ఉంటే ఉత్తీర్ణతే. అంటే 168 వచ్చిన ల్యాబూ, 228 వచ్చిన ల్యాబూ రెండూ సరైనవే. కనుక మన 204ను 204.3 అని రాయడంలో అర్థం లేదు. 30 పరిమితి ఉన్న చోట 28 వచ్చిందని సంబరపడటంలోనూ లేదు.

మీ ఊరి చెరువు మీదనో, మూసీ మీదనో బీఓడీ నివేదిక చేతికొస్తే చివరి అంకెతో ఆగిపోకండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఎన్ని రోజులు ఉంచారు, సీసాలో ఎంత నమూనా పోశారు, కరిగిన ఆక్సిజన్ మొదటి, చివరి రీడింగులు ఎంతెంత అని అడగండి. చివరి రీడింగు 1 కంటే తక్కువుంటే ఆ నివేదికను వెనక్కి పంపించి, పరీక్ష మళ్లీ చేయమనండి.